ప్రశ్న అడిగి చూస్తే తెలిసేది: తెలుగు వాక్యంలో ఏ మాటకు ఏ చోటు

"శీను సైకిల్ కొన్నాడు." ఈ మూడు మాటల్ని ఆరు రకాలుగా పేర్చవచ్చు. సైకిల్ శీను కొన్నాడు, శీను కొన్నాడు సైకిల్, సైకిల్ కొన్నాడు శీను, కొన్నాడు శీను సైకిల్, కొన్నాడు సైకిల్ శీను. ఆరింటిలో ఏదీ వ్యాకరణం తప్పలేదు. కొన్నవాడు శీనే, కొన్న వస్తువు సైకిలే. "కొన్నాడు"లోని "డు" ఎవరు కర్తో చెప్పేస్తోంది కాబట్టి మాటలు ఎటు జరిగినా అర్థం చెడదు. అందుకే తెలుగులో పదాల వరుసకు పెద్దగా పట్టింపు లేదని బడిలో చెబుతారు. ప్రపంచ భాషల పుస్తకాల్లో కూడా తెలుగు, తమిళం, హిందీ, జపనీస్, హంగేరియన్ లాంటి వాటిని స్వేచ్ఛా పదక్రమ భాషలని రాస్తారు.

ఇప్పుడు ఎవరైనా మిమ్మల్ని "సైకిల్ ఎవరు కొన్నారు?" అని అడిగారనుకోండి. "సైకిల్ శీను కొన్నాడు" అంటే సరిపోయింది. "సైకిల్ కొన్నాడు శీను" అంటే అడిగిన మనిషి ఒక్క క్షణం తికమక పడతాడు. మాటలూ అవే, అర్థమూ అదే, వ్యాకరణం తప్పూ లేదు. అయినా జవాబు ప్రశ్నకు అతకలేదు. స్వేచ్ఛ అని మనం పిలుస్తున్నదానికి కట్టుబాట్లు ఉన్నాయని, అవి విడి వాక్యంలో కనబడవని, ప్రశ్న పక్కన పెడితేనే బయటపడతాయని ఈ చిన్న తికమకే చెబుతోంది.

మాటల్ని ఇలా అటూ ఇటూ జరపడాన్ని భాషాశాస్త్రవేత్తలు స్క్రాంబ్లింగ్ అంటారు. ఆ పేరు పెట్టింది అమెరికాకు చెందిన జాన్ రాబర్ట్ రాస్, 1967లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి సమర్పించిన పరిశోధన గ్రంథంలో. ఆయన దీన్ని వాక్య నిర్మాణంలో భాగంగా కాక, శైలికి సంబంధించిన సర్దుబాటుగానే చూశాడు. తర్వాతి దశాబ్దాల్లో జపనీస్, జర్మన్, హిందీ మీద పనిచేసినవాళ్ళు ఆ మాటను ఒప్పుకోలేదు. జరిగిన ప్రతి మాట వెనుకా ఒక పని ఉందని వాళ్ళు చూపించారు. చాలాసార్లు ఆ పని, వినేవాడికి ముందే ఏం తెలుసు, కొత్తగా ఏం చెబుతున్నాం అన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఆ తేడాను పట్టడానికి ప్రశ్నను వాడుకోవచ్చన్న ఆలోచన ఇంకా పాతది. జర్మన్ పండితుడు హెర్మన్ పౌల్ భాషా చరిత్ర సూత్రాల మీద రాసిన పుస్తకం మొదటిసారి 1880లో అచ్చయింది. అందులో "కార్ల్ రేపు బెర్లిన్ వెళ్తున్నాడు" అనే అర్థమొచ్చే జర్మన్ వాక్యం మీద ఆయన చేసిన చర్చను ఇప్పటికీ ఉదాహరిస్తారు. వినేవాడు ఏం తెలుసుకోవాలనుకుంటున్నాడో దాన్ని బట్టి ఆ ఒక్క వాక్యంలోనే అసలు చెప్పదలచిన ముక్క మారిపోతుందని ఆయన అన్నాడు. ఎవరు వెళ్తున్నారని అడిగితే కార్ల్, ఎప్పుడని అడిగితే రేపు, ఎక్కడికని అడిగితే బెర్లిన్. ప్రశ్నలోని ఎవరు, ఏం, ఎప్పుడు అన్న మాటల స్థానంలోకి జవాబులో వచ్చి కూర్చున్న ముక్కను ఇప్పుడు ఫోకస్ అంటున్నాం. మాట దేని గురించి నడుస్తోందో అది టాపిక్. ప్రశ్నలో ఖాళీ ఎక్కడుందో, జవాబులో ఫోకస్ సరిగ్గా అక్కడే ఉండాలి. ఈ పొంతన కుదిరిందా లేదా అని చూడడమే పరీక్ష. కుదరని వాక్యం పక్కన పరిశోధకులు # గుర్తు పెడతారు. వ్యాకరణమే తప్పిన వాక్యానికి * పెడతారు. రెంటినీ వేరుగా ఉంచడం చాలా ముఖ్యం. మన ఆరు వాక్యాల్లో దేనికీ * అక్కర్లేదు. కానీ ప్రశ్న మారినకొద్దీ వాటిలో కొన్నిటికి # తగులుతూ ఉంటుంది.

పరీక్షను ఖాళీ పలకతో మొదలుపెట్టాలి. ఊరి నుంచి ఫోన్ వచ్చింది, మీరు "ఏంటి విశేషాలు?" అన్నారు. అవతలివాళ్ళకు మీరేమీ ముందుగా అందించలేదు, కాబట్టి చెప్పేదంతా కొత్తదే. ఇక్కడ "శీను సైకిల్ కొన్నాడు" ఒక్కటే ఇబ్బంది లేకుండా నడుస్తుంది. "సైకిల్ శీను కొన్నాడు" అంటే వెంటనే "ఏ సైకిల్?" అని అడుగుతారు. అంటే సైకిల్ అన్న మాట ముందుకు రాగానే అది ఏదో ఒక సైకిల్ కాకుండా, ఇద్దరికీ తెలిసిన సైకిల్ అయిపోయింది. ఆ మాటకు ఏ ప్రత్యయమూ చేర్చలేదు, చోటు మాత్రమే మారింది. ఎవరూ ఏమీ అడగకుండా చెప్పేటప్పుడు వచ్చే ఈ వరుసనే తెలుగుకు సహజ క్రమంగా లెక్కవేస్తారు. మిగిలినవాటిని దీనితో పోల్చి చూడాలి.

తర్వాత ప్రశ్నను ఇరుకు చేద్దాం. "సైకిల్ ఎవరు కొన్నారు?" దీనికి "సైకిల్ శీను కొన్నాడు" బాగుంది. "శీను కొన్నాడు సైకిల్" కూడా బాగుంది, శీను మీద కాస్త ఒత్తి పలికితే చాలు. "సైకిల్ కొన్నాడు శీను" అతకలేదని చూశాం. ఇప్పుడు ప్రశ్న తిప్పుదాం. "శీను ఏం కొన్నాడు?" ఇక్కడ "శీను సైకిల్ కొన్నాడు" సరే. ఇందాక అతకని "సైకిల్ కొన్నాడు శీను" ఇప్పుడు హాయిగా అతుకుతుంది. ఇందాక బాగున్న "శీను కొన్నాడు సైకిల్", "సైకిల్ శీను కొన్నాడు" మాత్రం ఇప్పుడు తేడా కొడతాయి. వాక్యాలు మారలేదు, ప్రశ్న మారింది, మార్కులు తారుమారయ్యాయి.

అతికిన నాలుగు జవాబుల్నీ ఒకసారి వరసగా చూడండి. ప్రతి దాంట్లోనూ అడిగిన మాటకు జవాబైన ముక్క క్రియకు ఆనుకొని, దానికి సరిగ్గా ఎడమ పక్కన ఉంది. ముందే తెలిసిన ముక్కకు రెండు చోట్లు దొరికాయి. వాక్యం మొదట్లో ఉంటే అది టాపిక్‌గా నిలబడుతుంది, క్రియ తర్వాత ఉంటే గుర్తుచేసే మాటగా వెనక్కి జారుతుంది. "కొన్నాడా లేదా?" అని క్రియ మీదే ప్రశ్న వస్తే "కొన్నాడు శీను సైకిల్" అనొచ్చు. అప్పుడు తెలిసిన రెండు ముక్కలూ క్రియ వెనక్కి పోతాయి. ఆరు వరుసల గందరగోళంగా కనబడ్డదాంట్లో ఇంత క్రమం ఉంది.

క్రియకు ముందున్న ఈ చోటు మన పక్క భాషలోనూ ఉంది. హైదరాబాదులో ఒకప్పుడు సీఫెల్ అని పిలిచిన, ఇప్పటి ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో పనిచేసిన కె.ఎ. జయశీలన్ మలయాళంలో ప్రశ్నా పదం క్రియకు ఆనుకొని ముందే ఉండాలని చూపించారు. మన దగ్గర అంత కట్టడి లేదు. "ఎవరు సైకిల్ కొన్నారు?" అని కూడా అంటాం. పైన చెప్పినట్టు, శీను మీద గట్టిగా ఒత్తితే సహజ క్రమంలోని "శీను సైకిల్ కొన్నాడు" కూడా "ఎవరు?"కు జవాబు కాగలదు. తెలుగులో క్రియ పక్కన చోటు ఫోకస్‌కు అచ్చొచ్చిన చోటు. గొంతుతో ఒత్తిపలికితే మాత్రం ఫోకస్ మరో చోటున కూడా నిలవగలదు.

క్రియ తర్వాతి చోటు విషయంలో మాత్రం తెలుగు కచ్చితంగా ఉంటుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించే భాగం ఇదే. "సైకిల్ కొన్నారు ఎవరు?" అని ప్రశ్న అడిగి చూడండి, నోరు ఒప్పుకోదు. "సైకిల్ కొన్నది ఎవరు?" అంటే ఎంతో సహజంగా ఉంది. జవాబూ అంతే. "సైకిల్ కొన్నాడు శీను" కుదరని చోట "సైకిల్ కొన్నది శీను" చక్కగా కుదురుతుంది. క్రియ తర్వాత ఫోకస్ రావాలంటే క్రియ తన రూపం మార్చుకోవాలి, "కొన్నాడు" కాస్తా "కొన్నది" కావాలి. శీను మగవాడైనా "డు" పోయి "ది" వచ్చిందంటే ఆ క్రియ ఇక శీనుతో పొంతన చూసుకోవడం లేదన్నమాట. అది "కొన్న వ్యక్తి" అన్నంత నామపదం అయిపోయింది, దాని పక్కన శీను సమాధానంగా వచ్చి చేరాడు. నేను, మీరు, వాళ్ళు ఎవరొచ్చినా ఆ "ది" మారదు. కొన్నది నేను, కొన్నది మీరు, కొన్నది వాళ్ళు.

కర్త స్త్రీ అయినప్పుడు ఇక్కడ మోసపోయే అవకాశం ఉంది. "వచ్చింది సీత" అన్నప్పుడు ఆ "వచ్చింది" మామూలు క్రియా లేక ఈ మారిన రూపమా? చూడటానికి రెండూ ఒకటే. ఉదాహరణలు సేకరించేవాళ్ళు ఇలాంటి వాక్యం చూసి, తెలుగులో ఫోకస్ క్రియ తర్వాత కూడా వస్తుందని రాసేసుకునే ప్రమాదం ఉంది. తేల్చుకోవడానికి కాలం మార్చి చూస్తే చాలు. భవిష్యత్తులో మామూలు క్రియ "కొంటుంది", మారిన రూపం "కొనేది". "రేపు సైకిల్ ఎవరు కొంటారు?" అని అడిగితే "రేపు సైకిల్ కొనేది సీత" అంటాం. "రేపు సైకిల్ కొంటుంది సీత" ఆ ప్రశ్నకు జవాబు కాదు. అది "సీత రేపు ఏం చేస్తుంది?" అన్నదానికి జవాబు. భూతకాలంలో కలిసిపోయి కనబడిన రెండు రూపాలు భవిష్యత్తులో విడివడ్డాయి. నిషేధంలోనూ ఇదే సంగతి. మామూలుగా "శీను సైకిల్ కొనలేదు" అంటాం. కొన్న మనిషి విషయంలో పొరపాటును దిద్దాల్సి వస్తే "సైకిల్ కొన్నది శీను కాదు" అంటాం. అక్కడ "లేదు" రాదు, "కాదు" వస్తుంది, అదీ ఫోకస్ అయిన మాటను అంటిపెట్టుకొని.

మలయాళీలు ఈ మారిన రూపాన్ని మనకన్నా ఎక్కువగా వాడతారు. "ఎవరు వచ్చారు?" అన్నదానికి వాళ్ళ నోట సాధారణంగా వచ్చే "ఆరాణ్ వన్నత్" అన్న ప్రశ్న కట్టుబడిలో మన "వచ్చింది ఎవరు"కు చాలా దగ్గరిది.

మరి "సైకిల్ శీను కొన్నాడు", "సైకిల్ కొన్నది శీను" రెండూ ఒకే ప్రశ్నకు జవాబులే అయితే ఒక భాషకు రెండెందుకు? ఈ ప్రశ్న హంగేరియన్ మీద పనిచేసినవాళ్ళకు ముందు ఎదురైంది. ఆ భాషలో ఫోకస్ క్రియకు ముందు స్థిరపడగానే క్రియకు ముందుండే చిన్న ఉపసర్గ వెనక్కి దూకుతుంది. "పేటర్ మెగేర్కెజెట్" అంటే పేటర్ వచ్చేశాడని ఊరికే చెప్పడం. "పేటర్ ఏర్కెజెట్ మెగ్" అంటే వచ్చింది పేటరేనని చెప్పడం. ఇలా వచ్చే ఫోకస్ కొత్త సమాచారం ఇవ్వడంతో ఆగదు, మిగిలినవాళ్ళెవరూ కాదని కూడా చెబుతుందని కతలిన్ ఎ. కిష్ 1998లో ప్రచురించిన వ్యాసంలో వాదించింది. ఫోకస్ రెండు రకాలని, సమాచారం అందించేది ఒకటి, ఉన్నవాటిలోంచి ఒక్కదాన్నే ఏరి తక్కినవాటిని కొట్టేసేది మరొకటి అని ఆమె విడదీసింది. దాన్ని తేల్చే పరీక్షల్లో ఒకటి అంతకుముందు ఆనా సాబోల్చి ప్రతిపాదించినది.

ఆ దారిలో తెలుగును అడిగి చూద్దాం. శీను సైకిలూ కొన్నాడు, హెల్మెట్టూ కొన్నాడు, ఆ సంగతి మీకు తెలుసు. పక్కనున్న మనిషి "శీను సైకిల్ కొన్నాడు" అన్నాడు. మీరు దాన్ని పూర్తి చేయాలనుకుంటే "అవును, హెల్మెట్ కూడా కొన్నాడు" అంటారు. అదే మనిషి "శీను కొన్నది సైకిల్" అంటే? ఇప్పుడు "అవును" అనబుద్ధి కాదు. "కాదు, హెల్మెట్ కూడా కొన్నాడు" అని దిద్దాలనిపిస్తుంది. మొదటి వాక్యం నిజమే గాని సగం చెప్పింది. రెండోది తప్పు చెప్పింది. "అవును" నుంచి "కాదు"కు మారడమే ఇక్కడ సాక్ష్యం. నా చెవికి ఈ తేడా స్పష్టంగా వినిపిస్తుంది. కాబట్టి తెలుగులో క్రియ పక్క చోటు సమాచార ఫోకస్‌కూ, "కొన్నది" తర్వాతి చోటు ఏరివేసే ఫోకస్‌కూ చెందినవని నా నిర్ణయం.

టాపిక్‌ను పట్టడానికి ప్రశ్న మరో రకంగా అడగాలి. "శీను సంగతేంటి?" అంటే మాట శీను గురించి. జవాబు "శీను సైకిల్ కొన్నాడు" అనో, శీనును పూర్తిగా వదిలేసి "సైకిల్ కొన్నాడు" అనో వస్తుంది. ఈ వదిలేయగలగడం మంచి గుర్తు. టాపిక్‌ను నోటితో చెప్పకపోయినా ఫరవాలేదు, ఫోకస్‌ను వదిలేస్తే జవాబే ఉండదు. "సైకిల్ ఎవరు కొన్నారు?" అన్నదానికి "సైకిల్ కొన్నాడు" అని చెప్పి చూడండి.

దీనిలోనే ఇంకో రకం ఉంది. "సైకిల్ ఎవరు కొన్నారు, బైకు ఎవరు కొన్నారు?" అని రెండు ప్రశ్నలు ఒకేసారి వచ్చాయి. మీకు ఒకటే తెలుసు. "సైకిల్ అయితే శీను కొన్నాడు" అంటారు. ఆ "అయితే"తో బైకు సంగతి పెండింగులో ఉందని అవతలివాడికి అర్థమవుతుంది. ఒక్క సైకిల్ గురించే అడిగినప్పుడు ఇదే జవాబిస్తే "అయితే ఇంకేం కొన్నారు?" అని అదనపు ప్రశ్న పుడుతుంది. పోల్చి చెప్పే టాపిక్‌ను ఇలా జంట ప్రశ్నలతోనే పట్టుకోగలం, ఒంటి ప్రశ్నతో కుదరదు.

ఇంత తేలికగా కనబడే ఈ పరీక్ష ఇట్టే పాడైపోతుంది కూడా. మొదటి చిక్కు ఏమిటంటే, మామూలు మనుషులు నిండు వాక్యాల్లో జవాబు చెప్పరు. "శీను ఏం కొన్నాడు?" అంటే "సైకిల్" అంటారు, అంతే. ఒక్క మాటలో వరుస ఎక్కడిది? నిండుగా చెప్పమని బలవంతం చేస్తే బడిలో రాసిన జవాబులా వస్తుంది, ప్రతిసారీ సహజ క్రమమే దొర్లుతుంది. అందుకని ఎదుటివాళ్ళు తమంతట తాముగా నిండు వాక్యం చెప్పక తప్పని సందర్భం కల్పిస్తారు. పైన చూసిన జంట ప్రశ్న అలాంటిదే, తప్పు మాట చెప్పి దిద్దించడం మరొకటి. "సైకిల్ కొన్నది సీత కదా?" అనండి, నిండు వాక్యం దానంతట అదే వస్తుంది. జర్మనీలోని పోట్స్‌డామ్, బెర్లిన్ పరిశోధకులు 2006లో విడుదల చేసిన ప్రశ్నావళిలో బొమ్మలు చూపించి ప్రశ్నలు అడిగే పద్ధతి ఉంది. ఏ భాషవాళ్ళ దగ్గరకైనా దాన్ని పట్టుకెళ్ళవచ్చు.

రెండో చిక్కు చదివేవాడి తలలోనే ఉంది. అతకని జవాబు చూపించి "ఇది బాగుందా?" అని అడిగితే, మనసు తనకు తెలియకుండానే ఆ వాక్యానికి సరిపడే ఇంకో ప్రశ్నను ఊహించుకుంటుంది. లేదా గొంతు ఒత్తు మార్చి చదువుకుని "బాగానే ఉందండీ" అనేస్తుంది. అక్షరంలో ఆ ఒత్తు కనబడదు. అందుకే ప్రశ్నను, జవాబును రెంటినీ గొంతుతో వినిపించి, పక్కపక్కనే రెండు జవాబులిచ్చి ఏది నయమో అడగడం మేలు. ఒక్క వాక్యం తప్పా ఒప్పా అన్నదానికి జవాబు ఊగుతుంది గాని, రెండిట్లో ఏది మెరుగన్నప్పుడు మనుషులు కొంత స్థిరంగా ఉంటారు.

పాటలు, పద్యాలు, కథ చెప్పే ధోరణి ఈ పరీక్షకు పనికిరావు. "అనగనగా ఉన్నాడు ఒక రాజు" అని కథ మొదలుపెట్టినప్పుడు, క్రియ తర్వాత వచ్చిన రాజు మనకు కొత్తవాడే. ఎవరూ ఏమీ అడగలేదు, చెప్పేవాడు మనిషిని రంగం మీదికి తీసుకొస్తున్నాడు. అక్కడి కట్టుబాట్లు వేరుగా రాసుకోవాలి. ప్రాంతాన్ని బట్టి కూడా చూడాలి. కొన్ని ప్రాంతాల మాటలో "సీత కొన్నది" మామూలు క్రియగానే నడుస్తుంది కాబట్టి, అక్కడ "సైకిల్ కొన్నది సీత" అన్న ఒక్క ఉదాహరణతో ఏదీ తేల్చలేం. శీనునో, "వాళ్ళు" అన్న మాటనో పెట్టి, లేదా "కొనేది" రూపంతో మళ్ళీ అడగాలి.

మన వ్యాకరణ పుస్తకాల్లో పదక్రమం గురించి రాసేచోట ఒకదాని కింద ఒకటి నాలుగైదు వాక్యాలు పేర్చి "ఇవన్నీ సాధువులే" అని వదిలేస్తారు. అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ పిల్లలకు తెలుగు నేర్పే పుస్తకాలదీ అదే తీరు. ఆ పిల్లలు వ్యాకరణం తప్పకుండా మాట్లాడుతూ కూడా అడిగినదానికి పొంతన లేని వరుసలో జవాబులిస్తుంటే పెద్దలకు ఏదో తేడా తెలుస్తుంది గాని, అదేమిటో చెప్పలేకపోతారు. పాఠాలు రాసే మాస్టార్లకు, టీచరమ్మలకు నా విన్నపం ఒక్కటే. ఉదాహరణ వాక్యం ఇచ్చిన ప్రతిచోటా, అది ఏ ప్రశ్నకు జవాబో ఆ ప్రశ్నను కూడా పైన అచ్చు వేయండి.